పద్నాలుగు సెకన్ల పాటకి పదకొండు నిమిషాల వీడియో బోనెక్కాలా?

అక్కలూ, చెల్లెళ్ళూ, ఈసారి మన గ్రూపుల్లో తరచుగా తిరిగే ఒక స్క్రీన్‌షాట్ గురించి మాట్లాడుకుందాం. యూట్యూబ్ నుంచి వచ్చిన మెయిల్, అందులో "కాపీరైట్" అనే మాట, దాని కింద ఏడుస్తున్న బొమ్మలు నాలుగు. తర్వాత వచ్చే ప్రశ్నలు ఎప్పుడూ ఇవే. "కేసు పెడతారా?" "ఇకామాకి ఏమన్నా ఇబ్బందా?" "చానెల్ మొత్తం తీసేయమంటారా?" వెంటనే ఒకరు "భయపడకు, డిస్ప్యూట్ కొట్టేయ్" అంటారు, ఇంకొకరు "వద్దు వద్దు, డిలీట్ చెయ్" అంటారు. నా ఉద్దేశంలో ఈ రెండు సలహాలూ తొందరపాటువే. ఆ మెయిల్ ఎందుకు వచ్చిందో, దేనికి వచ్చిందో తెలుసుకుంటే భయం సగం పోతుంది. మిగతా సగంతో ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

అర్థం కావడానికి ఒక వీడియో ఊహించుకుందాం. దమ్మామ్‌లో ఒక సిస్టర్ ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోతోంది. క్వార్టర్స్‌లో మనవాళ్ళందరూ కలిసి బిర్యానీ వండి, కేక్ కోసి, చీర పెట్టి సాగనంపారు. రూమ్‌మేట్ ఫోన్‌లో తీసిన వీడియో పదకొండు నిమిషాల నలభై సెకన్లు. ఊళ్ళో ఆమె అమ్మ, అత్తగారు, పిల్లలు చూడాలని యూట్యూబ్‌లో పెట్టింది. వీడియోలో ఆరు నిమిషాల పన్నెండో సెకను దగ్గర, ఆమె కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడుతుంటే, వెనక హాల్లో టీవీలో ఒక సినిమా పాట వచ్చింది. ఎవరో లేచి టీవీ కట్టేసేసరికి ఆరు నిమిషాల ఇరవై ఆరో సెకను అయింది. అంటే పద్నాలుగు సెకన్లు. ఆ పాట ఎవరూ కావాలని పెట్టలేదు, ఎవరూ వినలేదు కూడా. అప్‌లోడ్ అయిన కాసేపటికే మెయిల్ వచ్చింది.

మనుషులెవరూ వినని ఆ పాటని మిషను వింది. ఎలా విందో చూద్దాం.

యూట్యూబ్ 2007లో కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు తెచ్చింది. మ్యూజిక్ కంపెనీలు, సినిమా నిర్మాణ సంస్థలు తమ పాటల అసలు ఫైళ్ళని అక్కడ జమ చేస్తాయి. ప్రతి పాటకీ ఒక వేలిముద్ర లాంటిది తయారవుతుంది. మనం వీడియో ఎక్కించగానే దాని శబ్దానికి కూడా అలాంటి ముద్ర తీసి, జమ చేసిన వాటితో పోల్చి చూస్తారు. యూట్యూబ్ తన పద్ధతి వివరాలు పూర్తిగా బయట పెట్టలేదు. కానీ పాటల్ని గుర్తుపట్టే ఇలాంటి పద్ధతుల మూల సూత్రం మాత్రం మన చుక్కల ముగ్గుకి దగ్గరగా ఉంటుంది. శబ్దంలో ఏ క్షణాన ఏ స్వరం గట్టిగా పలికిందో అక్కడొక చుక్క పెడతారు. కొన్ని సెకన్ల పాటలోనే అలాంటి చుక్కలు బోలెడు వస్తాయి. మీరు చుక్కలు పెడుతుండగానే పక్కింటావిడ "ఓ, ఇది ఫలానా పద్మం ముగ్గు కదా" అని గుర్తుపట్టినట్టు, మిషను పాటంతా వినక్కర్లేదు. పైన మాటలు, నవ్వులు, గిన్నెల చప్పుడు ఉన్నా కొన్ని చుక్కలే చెరిగిపోతాయి, తక్కినవి సరిపోతాయి. అందుకే అన్ని మాటల మధ్య కూడా ఆ పద్నాలుగు సెకన్లు దొరికిపోయాయి.

మిషనుకి తెలిసేది ఇంతవరకే. ఈ పాట ఆ పాటే అని చెబుతుంది. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, అనుకోకుండా పడిందా, దాంతో ఎవరికన్నా నష్టమా అనేది దానికి తెలియదు. పాట మొత్తం దొంగిలించి తన చానెల్లో పెట్టుకున్నవాడికీ, వెనక టీవీ మోగుతుండగా ఏడ్చిన సిస్టర్‌కీ ఒకే మెయిల్ వెళుతుంది. నా వాదన అంతా ఈ ఒక్క విషయం మీదే.

ముందు భయం సంగతి తేల్చేద్దాం. ఆ మెయిల్లో ఉన్నది "క్లెయిమ్" అయితే, అది కేసు కాదు, పోలీసులకి వెళ్ళదు, ఇకామాతో దానికి సంబంధం లేదు. చానెల్ మీద మచ్చ కూడా పడదు. "ఈ వీడియోలో మా పాట ఉంది" అని హక్కుదారు చేయి ఎత్తడం, అంతే. "స్ట్రైక్" అనేది వేరు. హక్కుదారు చట్టప్రకారం వీడియో తీసేయమని నోటీసు పంపితే వచ్చేది స్ట్రైక్. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు వస్తే చానెలే పోయే ప్రమాదం ఉంది. కాబట్టి మెయిల్ రాగానే మొదట చూడాల్సింది ఈ రెండింట్లో ఏ మాట ఉందో. మన గ్రూపుల్లో తిరిగే మెయిళ్ళు ఎక్కువ భాగం క్లెయిమ్‌లే.

క్లెయిమ్ పడ్డాక ఏం జరగాలో హక్కుదారు ముందే చెప్పి పెట్టుకుంటాడు. మూడు దారులు ఉంటాయి. వీడియో ఉండనిచ్చి దాని మీద వచ్చే యాడ్స్ డబ్బు తను తీసుకోవచ్చు. ఎంతమంది చూశారో లెక్క చూసుకుంటూ ఊరుకోవచ్చు. లేదా వీడియో కనపడకుండా ఆపేయొచ్చు. ఈ నిర్ణయం దేశాన్ని బట్టి కూడా మారొచ్చు. "ఊళ్ళో అమ్మకి కనపడుతోంది, నాకు రియాద్‌లో కనపడట్లేదు, నా నెట్ పాడైందా?" అని అడిగినవాళ్ళకి జవాబు చాలాసార్లు ఇదే. ఒకే పాటకి హక్కుదారులు ఒక్కో దేశానికి ఒక్కొక్కరు ఉండొచ్చు, ఒక్కొక్కరు ఒక్కో దారి ఎంచుకోవచ్చు.

ఇప్పుడు మన దమ్మామ్ సిస్టర్ వీడియోకి వద్దాం. ఫోన్లో కన్నా కంప్యూటర్లో చూస్తే సులువు. యూట్యూబ్ స్టూడియోలో `Content` లోకి వెళ్తే వీడియోల వరస వస్తుంది. ఆ వీడియో ఎదురుగా `Restrictions` అనే గడిలో `Copyright` అని ఉంటుంది. దాని మీదకి వెళ్ళి `See details` నొక్కితే అసలు విషయం బయటపడుతుంది. ఏ పాట, ఎవరి క్లెయిమ్, వీడియోలో ఎక్కడినుంచి ఎక్కడిదాకా, దాని ప్రభావం ఏమిటి అన్నీ అక్కడే ఉంటాయి. మన ఉదాహరణలో 6:12 నుంచి 6:26 దాకా అని కనిపిస్తుంది. ఈ పేజీ చూడకుండా ఏ బటనూ నొక్కకండి. ఎందుకంటే ఇక్కడినుంచి దారి మూడుగా చీలుతుంది.

మొదటి దారి, ఏమీ చేయకపోవడం. నవ్వకండి, చాలామందికి ఇదే సరైన దారి. ఆ చానెల్‌కి యాడ్స్ ఆదాయమే లేదనుకోండి, వీడియో ఇంటివాళ్ళందరికీ కనపడుతోంది, అప్పుడు ఆ క్లెయిమ్ వల్ల పోయేదేమీ లేదు. యాడ్స్ పడితే ఆ నాలుగు పైసలు పాట వాళ్ళకి వెళతాయి. వెళ్ళనివ్వండి.

రెండో దారి, ఆ పద్నాలుగు సెకన్ల సంగతి చూడటం. అదే పేజీలో `Trim out segment` అని ఒకటి ఉంటుంది, ఆ ముక్క కత్తిరించేస్తుంది. `Erase song` పాటని తీసి మాటలు మిగల్చడానికి ప్రయత్నిస్తుంది. పాటా మాటా బాగా కలిసిపోతే అది సరిగా చేయలేకపోవచ్చు. అప్పుడు ఆ ముక్కలో శబ్దమంతా మూసేసే వీలు ఉంది. `Replace song` అయితే యూట్యూబ్ ఉచిత పాటల్లోంచి ఒకటి దాని చోట పెడుతుంది. దిద్దిన తర్వాత ఆ ముక్క పోయినట్టు తేలితే క్లెయిమ్ దానంతట అదే తొలగిపోతుంది. ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఇలా చేస్తే వీడియో లింకు మారదు, వ్యూస్ పోవు, ఊళ్ళో అందరికీ మళ్ళీ పంపక్కర్లేదు. డిలీట్ చేసి మళ్ళీ ఎక్కిస్తే అన్నీ పోతాయి, పైగా పాట అలాగే ఉంటే మళ్ళీ అదే మెయిల్ వస్తుంది. "డిలీట్ చెయ్" అనే సలహా అందుకే నాకు నచ్చదు.

కానీ ఆ పద్నాలుగు సెకన్లలోనే ఆమె అసలు మాట చెప్పింది. "పదేళ్ళు మీరే నాకు పుట్టిల్లు" అంది. అది కత్తిరిస్తే వీడియో ఎందుకు? ఇదిగో, మూడో దారి అవసరం ఇక్కడ వస్తుంది. అదే డిస్ప్యూట్, అంటే అభ్యంతరం చెప్పడం.

`Dispute` నొక్కితే ఏ కారణంతో అభ్యంతరం అని అడుగుతుంది. అంతా నా సొంతం అనొచ్చు, నా దగ్గర అనుమతి ఉంది అనొచ్చు, ఇది ఎవరి హక్కులోనూ లేని పాతది అనొచ్చు, లేదా న్యాయమైన వాడకం అనొచ్చు. మనవాళ్ళు తప్పులో కాలేసేది ఇక్కడే. చాలామంది ఇక్కడ రాసే వాక్యం, "నాకు కాపీ చేసే ఉద్దేశం లేదు, పాట కంపెనీ వాళ్ళదే, నేను డబ్బు సంపాదించట్లేదు." ఇది అభ్యంతరం కాదండీ, ఒప్పుకోలు. ఉద్దేశం లేకపోవడం, పేరు వేయడం, డబ్బు రాకపోవడం వీటిలో ఏదీ ఒంటరిగా నిలబడదు. "పది సెకన్లలోపు అయితే ఫరవాలేదు" అనే మాట కూడా గ్రూపుల్లో పుట్టిందే. ఇండియా చట్టంలో గాని, అమెరికా చట్టంలో గాని అలాంటి సెకన్ల లెక్క లేదు.

"పాతది కదా" అనే కారణం ఇంకా జాగ్రత్తగా వాడాలి. వేంకటేశ్వర సుప్రభాతం శతాబ్దాల నాటిది, ఆ శ్లోకాలు ఎవరి సొత్తూ కావు. కానీ మన ఇళ్ళల్లో పొద్దున్నే మోగేది ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి రికార్డింగు. శ్లోకం వేరు, ఆ రికార్డింగు వేరు. అన్నమయ్య కీర్తనలదీ అంతే. సాహిత్యం అయిదు వందల ఏళ్ళ నాటిది, కానీ మనం పాడుకునే బాణీలు చాలావరకు నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ లాంటి వాళ్ళు మన కాలంలో కట్టినవి. మీ పాప స్వయంగా పాడినా బాణీ పోలిక మీద క్లెయిమ్ పడొచ్చు. ఒక పాటలో ఇన్ని హక్కుల పొరలు ఉంటాయనేది మనకి 2017లో ఇంకోలా తెలిసింది. అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికి ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వెళ్ళింది, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని. ఆ పాటల్ని లోకానికి వినిపించిన గొంతుకే ఆ ప్రశ్న ఎదురైతే, వెనక టీవీ సంగతి చెప్పాలా?

ఇంకో అపోహ పెళ్ళి వీడియోలది. ఇండియా కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ కింద మతపరమైన వేడుకల్లో, పెళ్ళి ఊరేగింపులో, పెళ్ళికి సంబంధించిన సంబరాల్లో పాటలు వేసుకోవడానికి మినహాయింపు ఉంది. అది ఆ వేడుకలో వేయడానికి. దాన్ని వీడియో తీసి లోకమంతా చూసేలా ఇంటర్నెట్లో పెట్టడానికి అది గొడుగు పట్టదు.

మరి మన సిస్టర్‌కి ఏ కారణం సరిపోతుంది? న్యాయమైన వాడకం. దీన్ని అమెరికా చట్టం నాలుగు ప్రశ్నలతో తూస్తుంది. ఎందుకు వాడారు, వాడింది ఎలాంటి రచన, ఎంత వాడారు, దానివల్ల అసలు పాటకి బజారులో నష్టమా. ఆమె తన అభ్యంతరంలో రాయాల్సింది ఈ నాలుగింటికీ జవాబు మాత్రమే. ఇది వీడ్కోలు సభ వీడియో, పాట వెనక గదిలోని టీవీ నుంచి అనుకోకుండా పడింది, మొత్తం పదకొండు నిమిషాల నలభై సెకన్లలో పద్నాలుగు సెకన్లే, పైన మాటలు ఉన్నందున పాట స్పష్టంగా వినపడదు, పాట వినాలనుకునే వాళ్ళెవరూ దీన్ని చూసి అసలు పాట మానేయరు. ఇంతే. బతిమాలడం అక్కర్లేదు, కోప్పడటం అక్కర్లేదు. అనుకోకుండా పడిందన్న ఒక్క మాటతో గెలుస్తామన్న హామీ లేదు, కానీ ఇది నిజాయితీగా నిలబడగల వాదన. రెండో ప్రశ్నలో మాత్రం మన తక్కెడ తేలిపోతుంది, ఎందుకంటే సినిమా పాట సృజనాత్మక రచన. అది ఒప్పుకునే మిగతా మూడు గట్టిగా చెప్పాలి.

అభ్యంతరం పంపాక ఎవరు చదువుతారో తెలుసా? యూట్యూబ్ కాదు, క్లెయిమ్ వేసినవాళ్ళే. వాళ్ళకి 30 రోజుల గడువు. ఆ లోపు వదిలేయొచ్చు, గడువు దాటితే క్లెయిమ్ దానంతట అదే పోతుంది, లేదా "కాదు, మాదే" అని తిరిగి నిలబెట్టొచ్చు. వీడియో తీసేయమని నోటీసు పంపే హక్కు కూడా వాళ్ళకి ఉంది, అదే జరిగితే స్ట్రైక్ పడుతుంది. తిరిగి నిలబెడితే మనం అప్పీల్ చేయొచ్చు. దానికి వాళ్ళకి 7 రోజులు. అప్పీల్ మీద కూడా వాళ్ళు తగ్గకపోతే, క్లెయిమ్ నిలబెట్టుకోవడానికి వాళ్ళకి మిగిలేది ఆ నోటీసు ఒక్కటే. వీడియో పూర్తిగా ఆపేసిన క్లెయిమ్ అయితే మొదటి మెట్టు దాటి నేరుగా అప్పీల్‌కి వెళ్ళే వీలు ఇచ్చారు, 30 రోజులు ఆగక్కర్లేదు.

నోటీసు వచ్చాక మన చేతిలో ఉన్న చివరి అస్త్రం కౌంటర్ నోటిఫికేషన్. గల్ఫ్‌లో ఉన్న ఆడవాళ్ళం దీని దగ్గర ఒకటికి పదిసార్లు ఆలోచించాలి. ఇందులో మన పూర్తి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఇవ్వాలి. అవన్నీ అవతలివాళ్ళకి వెళతాయి. అమెరికా బయట ఉన్నవాళ్ళమైతే యూట్యూబ్ ఉన్న కాలిఫోర్నియా ప్రాంతపు కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నామని రాయాలి. చెప్పింది అబద్ధమైతే శిక్షకి సిద్ధమని ప్రమాణం చేయాలి. ఆ తర్వాత అవతలివాళ్ళకి అమెరికా లెక్కన 10 పనిదినాలు. ఆ లోపు కోర్టుకి వెళ్ళినట్టు చూపించకపోతే వీడియో తిరిగి వస్తుంది. మన తరఫున వకీలు కూడా దీన్ని పంపొచ్చు. వాదన బలంగా ఉంటే ఇది మన హక్కే. కానీ ఒక వీడ్కోలు వీడియో కోసం క్వార్టర్స్ చిరునామా ఇచ్చుకోవాలా అనేది ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవాల్సిన విషయం. అందుకే నేను చెప్పేది, మొదటి అభ్యంతరం ధైర్యంగా పెట్టండి, ప్రతి మెట్టు దగ్గరా ఆగి ఆలోచించండి.

మొదటి అభ్యంతరం ధైర్యంగా ఎందుకంటే, యూట్యూబ్ తన లెక్కలు తానే బయటపెట్టింది. 2021 మొదటి ఆరు నెలల్లో కంటెంట్ ఐడీ క్లెయిమ్‌లు 72 కోట్ల పైచిలుకు పడ్డాయి. అభ్యంతరం వచ్చింది అందులో ఒక్క శాతం కన్నా తక్కువ వాటికి, సుమారు 22 లక్షలు. ఆ అభ్యంతరాల్లో దాదాపు 60 శాతం వీడియో పెట్టినవాళ్ళకే అనుకూలంగా తేలాయి. దీని అర్థం అన్ని క్లెయిమ్‌లూ తప్పని కాదు. నిజంగా పాట వాడుకున్నవాళ్ళు నోరు మూసుకుని ఊరుకుంటారు, న్యాయం ఉందనుకున్నవాళ్ళే ముందుకొస్తారు. కానీ న్యాయం ఉండి కూడా భయపడి డిలీట్ చేసుకున్నవాళ్ళు ఎంతమందో ఆ లెక్కలో కనపడరు.

భయపడకుండా నిలబడిన ఒక అమ్మ కథ చెప్తాను. 2007లో అమెరికా పెన్సిల్వేనియాలో స్టెఫానీ లెంజ్ అనే ఆవిడ వంటింట్లో తన చిన్న బాబు గెంతులేస్తుంటే 29 సెకన్ల వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టింది. వెనక ప్రిన్స్ అనే గాయకుడి పాట వినీ వినపడనట్టు మోగుతోంది. యూనివర్సల్ మ్యూజిక్ సంస్థ తీసేయమని నోటీసు పంపింది, వీడియో పోయింది. ఆవిడ కౌంటర్ నోటిఫికేషన్ పంపింది, వీడియో తిరిగి వచ్చింది. అక్కడితో ఆగకుండా ఆ సంస్థ మీద కోర్టుకి వెళ్ళింది. 2015లో అక్కడి అప్పీళ్ళ కోర్టు ఒక మాట తేల్చింది. తీసేయమని నోటీసు పంపేముందు, ఇది న్యాయమైన వాడకమేమో అని హక్కుదారు ఆలోచించి తీరాలి అంది. 2018లో రాజీతో ఆ కేసు ముగిసింది. 29 సెకన్ల వంటింటి వీడియో మీద పదకొండేళ్ళు.

ఆ తీర్పు నోటీసుల గురించి. కంటెంట్ ఐడీ క్లెయిమ్ చట్టపరమైన నోటీసు కాదు, యూట్యూబ్ సొంత ఏర్పాటు. కాబట్టి "ముందు ఆలోచించాలి" అనే ఆ బాధ్యత మిషను దగ్గరికి రాలేదు. ఇక్కడే నా అసలు ఫిర్యాదు.

2019లో యూట్యూబ్‌కి ఈ అన్యాయం సగం అర్థమైంది. ఆ జూలైలో, మనిషి చేత్తో వేసే క్లెయిమ్‌కి పాట వీడియోలో ఎక్కడుందో సమయం చెప్పి తీరాలని నియమం పెట్టింది. ఆగస్టులో ఇంకో అడుగు వేసింది. ఒకటి రెండు సెకన్ల లాంటి మరీ చిన్న ముక్క అయినా, దారిన పోయే కారులోంచి వినిపించినట్టు అనుకోకుండా పడిన పాట అయినా, చేత్తో క్లెయిమ్ వేసి ఆ వీడియో యాడ్స్ డబ్బు తీసుకోకూడదంది. చాలా మంచి నియమం. కానీ అది చేత్తో వేసే క్లెయిమ్‌లకే. మిషను దానంతట అది పట్టుకున్న వాటికి వర్తించదు. కాపీరైట్ చర్యల్లో నూటికి 99 వంతుల పైన కంటెంట్ ఐడీ ద్వారానే జరుగుతున్నాయని యూట్యూబ్ లెక్కలే చెబుతున్నాయి, అందులో చాలా మటుకు మిషను పట్టినవే. అంటే ఆ మంచి నియమం తలుపు దగ్గర పెట్టి, జనమంతా వెళ్ళే దారి వదిలేశారన్నమాట.

మన దమ్మామ్ వీడియోలో హక్కుదారు మనిషిని కూర్చోబెట్టి చూపిస్తే, అతనికి ఆ నియమం అడ్డొచ్చి ఉండేదేమో. చూసింది మిషను కాబట్టి అడ్డు లేదు. ఆలోచించగల మనిషికి పెట్టిన హద్దు, ఆలోచించలేని మిషనుకి పెట్టకపోవడం తలకిందుల న్యాయం కాదా? ముక్క ఎంత పొడుగో మిషనుకి తెలుసు. పాట మీద మాటలు ఉన్నాయో లేదో కూడా తెలుస్తుంది, లేకపోతే `Erase song` ఎలా పనిచేస్తుంది? చిన్న ముక్క, పైన మాటలు ఉన్నాయి అని తేలినప్పుడు వీడియో ఆపేయకుండా, డబ్బు మళ్ళించకుండా, ముందు వీడియో పెట్టినవాళ్ళని ఒక్క మాట అడగొచ్చు. అభ్యంతరం మీద మొదటి తీర్పు ఫిర్యాదీ చేతికే ఇవ్వడం కూడా మారాలి. దొంగతనం అయిందన్నవాడే న్యాయమూర్తిగా కూర్చుంటే ఊళ్ళో పంచాయితీలో కూడా ఒప్పుకోం.

అయితే అవతలి పక్క మాట కూడా చెప్పాలి. పాట కట్టినవాళ్ళకి, పాడినవాళ్ళకి, రాసినవాళ్ళకి డబ్బు రావాలి. మన వంటల వీడియో మొదలు నుంచి చివరి దాకా కొత్త సినిమా పాట నడిపించి, క్లెయిమ్ పడితే అన్యాయం అనడం కుదరదు. అది అలంకారం కోసం వాడుకున్నాం, అలంకారానికి ఖరీదు ఉంటుంది. అలాంటివాటికి అబద్ధపు అభ్యంతరాలు పెట్టకండి. పదే పదే పెడితే చానెల్ మీదే చర్య తీసుకుంటారు. వీడియోకి పాట కావాలంటే యూట్యూబ్ స్టూడియోలోనే `Audio library` ఉంది, అందులోవి వాడుకోండి. సౌదీలో కూడా 2003 నుంచి కాపీరైట్ చట్టం ఉంది, దాన్ని చూసేందుకు మేధో సంపత్తి అథారిటీ ఉంది. ఇక్కడ ఇవేమీ పట్టవనుకోవద్దు.

ఇంకొక్క మాట, ఇది పాట గురించి కాదు కానీ మనకి దానికన్నా ముఖ్యం. అభ్యంతరం పెట్టామంటే వేరే మనుషులు కూర్చుని ఆ వీడియో చూస్తారు. అందులో వార్డు గాని, పేషెంటు గాని, అనుమతి లేకుండా తీసిన ఎవరి ముఖం గాని ఉంటే ముందు అది తీసేయండి. సౌదీ సైబర్ నేరాల చట్టం కింద కెమెరా ఫోన్‌తో ఒకరి గోప్యతకి భంగం కలిగిస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల రియాల్స్ దాకా జరిమానా ఉండొచ్చు. పాట క్లెయిమ్‌కి ఇకామా పోదు, కానీ ఇది ఆట కాదు.

మళ్ళీ మన సిస్టర్ దగ్గరికి. ఆమె వీడియో అందరికీ కనపడుతుంటే ఊరుకోమనే చెబుతాను. ఎక్కడన్నా ఆగిపోయిందంటే ముందు `Erase song` వేసి చూడమంటాను. మాట పోకుండా పాట పోతే అక్కడితో సరి. మాట కూడా పోతుందంటే దాన్ని వదిలేసి, పైన చెప్పిన నాలుగు జవాబులతో అభ్యంతరం పెట్టమంటాను. నోటీసు దాకా వస్తే చిరునామా ఇచ్చేముందు ఇంట్లో మాట్లాడుకోమంటాను. ఈసారి పార్టీకి మాత్రం, కెమెరా ఆన్ చేసేముందు ఎవరో ఒకరు లేచి టీవీ కట్టేయండమ్మా.